నా పని గురించి నేనే రాసుకున్న కాగితం

"ఈ ఏడాది ఎవరి పని గురించి వాళ్ళే రాసుకురండి" అని బి.డి.ఓ. గారు అన్నప్పుడు, సమితి ఆఫీసులో బల్లల మీద ఇరుక్కుని కూర్చున్న మా అందరికీ నవ్వొచ్చింది. మన గురించి మనం రాసుకోవడమేమిటి? ఆ పని చెయ్యడానికేగా పైవాళ్ళున్నది!

అరవైల మొదట్లో మాట ఇది. నెల్లూరు జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక పంచాయితీ సమితిలో నేను గ్రామసేవికను. అప్పట్లో మా పని ఎట్లా ఉందో బి.డి.ఓ. గారు ఏడాదికోసారి రహస్య నివేదిక రాసి నెల్లూరికి పంపేవారు. అందులో ఏముందో మాకు చూపించేవాళ్ళు కాదు. చెడ్డమాట ఉంటేనే మెమో వచ్చేది. మెమో రాకపోతే బాగానే రాశారనుకుని ఊపిరి పీల్చుకునేవాళ్ళం. కొత్తగా వచ్చిన ఈ బి.డి.ఓ. గారు మాత్రం, తన నివేదిక రాసేముందు మేం చెప్పేది కూడా వినాలన్నారు. తెల్లకాగితం మీద మూడు భాగాలు రాయాలి. ఒకటి, ఏం చేశాను. రెండు, చేసినట్టు రుజువేమిటి. మూడు, ఏం చెయ్యలేకపోయాను, అదెందువల్ల.

"మూడో భాగంలో 'ఏమీ లేవు' అని రాసినవాళ్ళ కాగితం నేను చదవను" అని కూడా అన్నారు. నవ్వులు అక్కడితో ఆగిపోయాయి.

నాకైతే నవ్వులాట కాదు. నా ప్రొబేషన్ రెండేళ్ళూ ఆ ఏడాదితో పూర్తి కావాలి. నివేదిక బాగుంటేనే ఉద్యోగం ఖాయం. మా నాన్న మాగాణి రైతు. ఆడపిల్ల ఊళ్ళు పట్టుకుని తిరిగే ఉద్యోగానికి ఆయన ఒప్పుకున్నదే ఒక షరతు మీద: "రెండేళ్ళు చూస్తా. ఖాయమైతే సరే. లేకపోతే నోరు మూసుకుని ఇంటికొచ్చి, నేను చూపించినోణ్ణి చేసుకోవాల." చెప్పిన మాట మీద నిలబడే మనిషి ఆయన. అదే నా భయం.

నా పనిలో చూపించుకోదగ్గది ఏదన్నా ఉందంటే పొగరాని పొయ్యిలు. బకింగ్‌హాం కాలువ దాటి, సరుగుడు తోటల అవతల, ఇసుక దిబ్బల మధ్య ఉన్న పల్లె నాకు అప్పగించారు. మగవాళ్ళు తెప్పల మీద వేటకు పోతారు, ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టి, తట్టలకెత్తుకుని అమ్ముకొస్తారు. అన్నీ తాటాకు ఇళ్ళే. చంటిబిడ్డ మొదలు పండు ముసలి దాకా మూడు రాళ్ళ పొయ్యి పొగలోనే దగ్గేవాళ్ళు. శిక్షణ కేంద్రంలో నాకు నేర్పిన పొయ్యి మట్టితో కట్టేది. పొగ లోపలికి రాకుండా, కుమ్మరి చేసిన మట్టి గొట్టంలోంచి గోడ అవతలికి పోతుంది. దాన్ని నేను నా చేతుల్తో, మోకాళ్ళ దాకా మట్టి తొక్కి, పల్లెలో ఇంటింటికీ కట్టాను. సమితిలో ఇంకెవరూ అన్ని కట్టలేదు. నెలసరి సమావేశంలో నా అంకె చదివినప్పుడు మిగతా గ్రామసేవికల మొహాలు చూడాలి! నేను చూసేదాన్ని కూడా.

కాబట్టి మొదటి భాగం ఇట్టే రాసేశాను. రెండో భాగం ఇంకా సులువు. పొయ్యి కట్టిన ప్రతి ఇంటి ఇల్లాలి దగ్గరా వేలిముద్ర తీసుకున్నాను. ఆ కాగితాలు జతచేశాను. మూడో భాగం దగ్గరే కలం ఆగింది.

మా పైన ముఖ్యసేవిక గారుండేవారు. నాలుగు గ్రామాల సేవికల పనీ ఆమే చూసుకోవాలి. అనుభవం పండిన మనిషి. ఆమెను సలహా అడిగాను.

"పిచ్చిదానా, దానికింత ఆలోచనెందుకు?" అంది. "పని ఎక్కువై ఆరోగ్యం సరిగ్గా చూసుకోలేకపోయినాను అని రాయి. సెలవులు వాడుకోలేకపోయినాను అని రాయి. లోపమూ రాసినట్టుంటుంది, మెచ్చుకున్నట్టూ ఉంటుంది. నేను అదే రాసినాను."

నాకు ఆ తెలివి నచ్చింది గానీ సిగ్గు కూడా వేసింది. సంతలో వంకాయలకు నీళ్ళు చల్లి మెరిపించినట్టుంది. నేను నిజాయితీగానే రాద్దామనుకున్నాను. కొన్ని ఇళ్ళల్లో పొయ్యి సరిగ్గా వాడటం లేదని నాకు అనుమానం ఉండేది. అందుకని ఇలా రాశాను: "గ్రామ స్త్రీలలో కొందరికి ఇంకా అవగాహన లేనందున పొయ్యిలను పూర్తిగా వినియోగించుకోవడం లేదు. ప్రచారం ముమ్మరం చేయవలసి ఉన్నది." చదువుకుంటే నాకే ముచ్చటేసింది. నిజమూ చెప్పాను, భాషా బాగుంది.

మూడు రోజుల తర్వాత బి.డి.ఓ. గారు పిలిపించారు. నా కాగితం ఆయన ముందుంది.

"చాలా కష్టపడ్డారమ్మా" అన్నారు. "ఈ వేలిముద్రలు దేనికి రుజువు?"

"పొయ్యిలు కట్టినందుకండీ."

"కట్టినందుకు. వాటిమీద వంట అవుతున్నందుకు రుజువేది?"

నేను బల్ల మీద వేలిముద్రల కాగితాలు సర్దాను.

"సరే. మూడో భాగంలో మీరు చెయ్యలేకపోయింది రాయమన్నాను. మీరు ఆ ఆడవాళ్ళు చెయ్యనిది రాశారు. అవగాహన లేనిది వాళ్ళకంటున్నారు. ఎందుకు వాడటం లేదో మీకు తెలుసా?"

"చెప్తే వినరండీ వాళ్ళు."

"వాళ్ళు వినకపోవడం కాదమ్మా నేను అడిగింది. మీరు అడిగారా అని."

కాగితం నా వైపు తోశారు. సోమవారం లోపల మళ్ళీ రాసి ఇమ్మన్నారు. బయటికొచ్చేసరికి నా చెవులు మండిపోతున్నాయి. జీపులో తిరిగేవాడికి మట్టి తొక్కిన కాళ్ళ సంగతేం తెలుసని తిట్టుకుంటూ కాలువ రేవుకు నడిచాను. పడవలో అవతలి ఒడ్డు చేరేదాకా మనసులో ఆయనతో వాదిస్తూనే ఉన్నాను, ప్రతి వాదంలోనూ నేనే గెలిచాను.

నేను పల్లెకు పోయేది మంగళవారం. అందరికీ తెలుసు. ఆ రోజు శుక్రవారం. సేవికమ్మ వస్తుందని ఎవరూ అనుకోలేదు. మొదటి ఇంటి గోడ వెనక్కి పోయి చూస్తే, గొట్టం మూతిలో పాత గుడ్డలు కుక్కి పైన బంకమట్టి మెత్తి ఉంది. రెండో ఇల్లూ అంతే. మూడో ఇంట్లో గొట్టమే లేదు. దాన్ని పీకి పెరట్లో పడుకోబెట్టి, అందులో కోడిపెట్టను పొదగేశారు. లోపల నేను కట్టిన పొయ్యి పక్కనే మూడు రాళ్ళ మీద కుండ ఉడుకుతోంది, ఇంటినిండా పొగ. ఆడవాళ్ళు నన్ను చూసి నాలుక కరుచుకుని, కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. అంటే ఇన్నాళ్ళూ మంగళవారం పొద్దున్నే గుడ్డలు పీకి, నాకోసం పొయ్యి వెలిగించి, నేను పడవెక్కగానే మళ్ళీ కుక్కేవాళ్ళన్నమాట. పల్లె పల్లెంతా ఒక్క మాట మీద నన్ను ఆడించింది. నాకు ఏడుపొచ్చింది, ఎవరి మీదో తెలియని కోపమూ వచ్చింది.

మిగతా ఇళ్ళల్లోనూ అదే తీరు. ఇక మిగిలింది మూలింటి అక్క. పల్లెలో నాకు మొదట గ్లాసు మంచినీళ్ళిచ్చింది ఆమే. ఉప్పుచేప తట్ట నెత్తిన పెట్టుకుని మైళ్ళు నడిచే మనిషి, మాట గట్టిది, నవ్వు అంతకన్నా గట్టిది. అక్కడా గుడ్డలే ఉంటాయనుకుంటూ ఆ గోడ వెనక్కి పోయాను. కానీ గొట్టం మూతి తెరిచే ఉంది, సన్నగా పొగ కూడా వస్తోంది. ప్రాణం లేచొచ్చింది. ఒక్క ఇల్లు చాలు, అదే నా రుజువు! లోపలికి పరిగెత్తినట్టే పోయి, "అక్కా, ఈ పొయ్యి వాడుతుండానని ఒక్క వేలిముద్ర వెయ్యి" అన్నాను.

"వేస్తాలే. ముందు అన్నం తిను" అని పళ్ళెం పెట్టింది.

రెండు ముద్దలు తిన్నానో లేదో, అన్నం మీద తెల్లగా పిండిలాంటిది రాలింది. వేలితో తీసి చూశాను. మళ్ళీ రాలింది. తలెత్తితే, వెదురు వాసాలు చిల్లులు చిల్లులుగా పుప్పి పట్టి ఉన్నాయి. తాటాకు ఎక్కడికక్కడ పొడిపొడి అయిపోయింది. ఆకులోంచి ఒక పురుగు నా పళ్ళెం పక్కనే పడింది. అక్క దాన్ని చీపురుపుల్లతో అవతలికి తోసేసింది, ఏమీ జరగనట్టు.

"ఏందక్కా ఇది?"

"ఏముండాది. పొగ లేదు గదా" అంది. "పొగ తగిల్తే ఆకు గట్టిగుంటాది, పురుగు చేరదు. వానాకాలంలో నెత్తళ్ళ చేపలు కూడా పొయ్యి మీదనే దండేనికి కట్టి ఆరబెట్టుకుంటాం. పొగంతా బయటికి పోతే ఇంగేముండాది? ఈ కప్పు ఇంకో రెండు వానలకు నిలవాల్సింది. ఇప్పుడే మార్చాల."

ఇంటి పక్కన కొత్త తాటాకు మోపులు పేర్చి ఉండటం వచ్చేటప్పుడు చూశాను. ఎవరికో అమ్మకానికి అనుకున్నాను.

"మరి నువ్వెందుకు గుడ్డలు కుక్కలేదు?"

"అందరం కుక్కితే నీ ఉద్యోగం ఏమయ్యేది, అమ్మణ్ణీ? ఒక్క ఇంట్లోనన్నా ఎలగాల గదా. యాడినించో ఆఫీసరొచ్చి చూస్తే?"

పళ్ళెంలో అన్నం అట్లాగే ఉంది. నాకు శిక్షణ ఇచ్చిన కేంద్రం పెంకుటిల్లు. మా ఊళ్ళో మా ఇల్లు పెంకుటిల్లు. పొగ పోతే పెంకుకు నష్టమేముంది? తాటాకు కింద బతికేవాళ్ళకు పొగ ఒంటికి చేటే గానీ ఇంటికి కాపలా అని నాకు తోచనేలేదు. నేను గొప్పగా చూపించుకోబోయిన ఒకే ఒక్క ఇల్లు, నా మూలంగా కప్పు పోగొట్టుకున్న ఇల్లు. ఆ రోజు అక్క చేత వేలిముద్ర వేయించుకోలేదు.

ఇంటికొచ్చి మూడో భాగం మళ్ళీ రాశాను. ఈసారి భాష బాగాలేదు. "పొయ్యిలు కట్టాను. ఒక్క ఇంట తప్ప వాడుకలో లేవు. తాటాకు కప్పుకు పొగ అవసరమని కట్టకముందు నేను విచారించలేదు. వాడిన ఇంటి కప్పు పురుగు పట్టి పాడైంది. వెళ్ళే రోజు ముందే తెలిసేలా వెళ్ళడం వల్ల ఈ సంగతి కనిపెట్టలేకపోయాను." అంతే.

ముఖ్యసేవిక గారు అది చదివి కుర్చీలోంచి లేచింది.

"నన్ను ముంచుతుండావా అమ్మాయ్? నెలనెలా ప్రగతి నివేదికలో 'వాడుకలో ఉన్నవి' అనే గడి కింద నీ అంకే గదా నేను వేసింది! ఇప్పుడు ఒక్కటే వాడుతుండారంటే నేను కళ్ళు మూసుకుని సంతకం పెట్టినట్టు గాదా? పదిహేనేళ్ళ నా ఉద్యోగం!"

ఆమె మాటలో న్యాయం ఉంది. కట్టినవీ వాడుకలో ఉన్నవీ ఒకటేనని రెండు గడుల్లోనూ ఒకే అంకె నింపి ఇచ్చింది నేనే. కింద ఇంకో వాక్యం చేర్చాను, ఆ అంకె నేనిచ్చిందేనని, ఆమె నా మాట నమ్మి వేసిందని. ఆమె చదివింది. అయినా వేసవి వెళ్ళేదాకా నాతో పని మాట తప్ప మాట్లాడలేదు.

కొన్నాళ్ళకు ఉత్తరువు వచ్చింది. నా ప్రొబేషన్ ఇంకో ఏడాది పొడిగించారు. నాతోపాటు చేరి, మూడో భాగంలో ఆరోగ్యం గురించి రాసిన ఇద్దరికి ఖాయమైంది. నేను నేరుగా బి.డి.ఓ. గారి గదిలోకి పోయాను. తలుపు దగ్గర అడిగి లోపలికి రావాలన్న మర్యాద కూడా మర్చిపోయాను.

"నిజం రాసినందుకా సార్ ఇది?"

ఆయనకు కోపం రాలేదు. "నిజం రాశారని నా నివేదికలో రాశాను, అదే మొదటి వాక్యం. పని జరగలేదని కూడా రాశాను. రెండోది రాయకపోతే మొదటిదాన్ని ఎవరు నమ్ముతారమ్మా? ఆ ఇద్దరి కాగితాల్లో నేను రుజువు చెయ్యగలిగిన తప్పేమీ దొరకలేదు. అది వాళ్ళ అదృష్టం. మీకు ఏడాది ఉంది."

అప్పుడు ఆయన మాట నాకు చేదుగానే ఉంది. ఇప్పటికీ కొంచెం చేదే. న్యాయమని తెలిసిన చేదు. నాన్నకు జాబు రాస్తే, "ఒక్క ఏడాది. ఇంక అడగబాకు" అని జవాబొచ్చింది.

ఈ కబురు చెప్పగానే మూలింటి అక్క చేతిలో చాట కింద పడేసింది.

"రాసేసినావా! ఏడాది పొడుగునా అన్నంలో పురుగులేరుకుని తినింది నేను, నీ ఉద్యోగం నిలబడాలని! నువ్వు పోయి నీ చేత్తోనే రాసిచ్చి చెడగొట్టుకుంటివా? నీకు చదువు చెప్పినోళ్ళను చెప్పుతో కొట్టాల!"

పల్లెలో నలుగురూ వినేలా తిట్టింది. మా అమ్మ కూడా నన్నంత ప్రేమగా ఎప్పుడూ తిట్టలేదు. తిట్టి తిట్టి, మళ్ళీ అన్నం పెట్టింది. నేను ఏడుస్తూ తిన్నాను.

ఆ ఏడాది నేను కొత్త పొయ్యి ఒక్కటి కూడా కట్టలేదు. ఉన్నవాటిని ఏం చెయ్యాలా అని ఇంటింటా కూర్చున్నాను. దారి దొరికింది అక్క ఇంట్లోనే. కొత్త కప్పు వేశాక, వంట మాత్రం నా పొయ్యి మీద చేసి, వారానికోసారి పిల్లల్ని బయటికి పంపి, మూకుట్లో కొబ్బరిపీచు, వేపాకు వేసి ఇంటినిండా దట్టంగా పొగ పట్టించింది. వానాకాలంలో నెత్తళ్ళు కూడా ఆ పొగకే కట్టింది. వంట చేసేటప్పుడు కళ్ళకు పొగ లేదు, కప్పుకు కావలసిన పొగ ఉంది. పక్కింటివాళ్ళు చూశారు. గొట్టాల మూతుల్లోంచి గుడ్డలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. అన్నీ కాదు, సగానికి తక్కువే. ఈసారి నేను ఏ రోజు వస్తానో ఎవరికీ చెప్పలేదు, కాబట్టి ఆ సగం నిజమైన సగం.

మళ్ళీ కాగితం రాసే రోజులొచ్చాయి. ఈసారి దాన్ని ఆఫీసుకు తీసుకుపోయేముందు అక్క ఇంటి అరుగు మీద కూర్చుని చదివి వినిపించాను. ఆమె ఎండు నెత్తళ్ళ తలలు తుంచుకుంటూ విన్నది.

"'పొగ పట్టించే పద్ధతిని ప్రవేశపెట్టాను' అంటివే, ఎవరు పెట్టింది?"

"నువ్వే."

"మరి నువ్వని రాస్తివే? కొట్టెయ్."

కొట్టేశాను. గ్రామంలోని ఒక గృహిణి కనిపెట్టిన పద్ధతి, నేను పక్క ఇళ్ళకు చెప్పాను అని మార్చాను.

"ఉప్పునీటి బాయి పక్కన మంచినీళ్ళ బాయి తవ్వించాను అంటివి. తవ్వింది మా మగోళ్ళు. నువ్వు గొడుగేసుకుని చూసినావు. అదీ కొట్టెయ్."

"అక్కా, అన్నీ కొట్టేస్తే నాకేం మిగుల్తుంది? ఈసారి ఖాయం కాకపోతే మా నాన్న—"

"మిగిలిందే నీది. మూడోది చదువు."

మూడో భాగం చదివాను. సగానికి పైగా ఇళ్ళు ఇంకా మారలేదని, ఎందుకో రెండిళ్ళల్లో మాత్రమే తెలిసిందని, మిగతా కారణాలు తెలియవని రాశాను. ఆమె చేతులు దులుపుకుంది.

"అంతేనా? పోయినేడు మా ఆడోళ్ళం నీకు సంగతి చెప్పకుండా ఎందుకు దాచిపెట్టినామో రాయలేదే?"

"నా ఉద్యోగం కోసమని చెప్పినావుగా."

"అది నేను. మిగతా వాళ్ళకు నీ ఉద్యోగంతో ఏం పని? నువ్వు పొయ్యి కట్టిన మొదటి దినం, ఆ చివరింటి పిల్ల 'కప్పుకు పొగ తగలొద్దా' అనింది. నువ్వు ఆ పిల్లను అందరి ముందరా కసిరినావు, నోరు మూసుకుని నేర్చుకో అని. ఆ దినం నించి నీకు ఎదురు చెప్పాలంటే అందరికీ భయమే. పోనీలే అని గుడ్డలు కుక్కుకుండారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నేను అట్లా అనలేదు! ఎవరు చెప్పారు నీకు? ఆ పిల్లను ఇప్పుడే పిలువు, నా ముందర అనమను చూస్తా!" అని లేచి నిలబడ్డాను.

అక్క నెత్తళ్ళ చాట పక్కన పెట్టి నన్నే చూస్తూ కూర్చుంది. చివరింటి గడపలో ఆ పిల్ల నీళ్ళ బిందె పట్టుకుని, నా గొంతు విని, బయటికి రాబోయి మళ్ళీ లోపలికి పోయింది.

నేను కూర్చున్నాను. కలం తీశాను. "కప్పు సంగతి మొదటి రోజే ఒక అమ్మాయి నాకు చెప్పింది. నేను కసిరినందువల్ల తర్వాత ఎవరూ చెప్పలేదు" అని మూడో భాగం చివర రాశాను. ఈ మాటకు రుజువుగా ఏం పెట్టాలో తోచక అక్కనడిగాను.

"నా వేలిముద్ర వేస్తాలే, ఇటు తే" అంది.